ఉండాల్సినదానికంటే 20 శాతం మసకగా

విశ్వం వ్యాకోచించే వేగం పెరుగుతోందన్న సంగతి 1998లో బయటపడిందని చాలామందికి తెలుసు. దానికి 2011లో నోబెల్ వచ్చిందనీ తెలుసు. కానీ టెలిస్కోపులో అసలు కనిపించిందేమిటి అని అడిగితే మాత్రం జవాబు చాలా చప్పగా ఉంటుంది: ఎక్కడో వందల కోట్ల కాంతి సంవత్సరాల అవతల పేలిన కొన్ని నక్షత్రాలు, లెక్క ప్రకారం ఉండాల్సిన వెలుగు కంటే ఓ 20 శాతం మసకగా కనిపించాయి. అంతే. కిటికీ అద్దాన్ని నాలుగు రోజులు తుడవకపోతే అంత వెలుగు తగ్గుతుంది. మరి అంత కాస్త మసకని పట్టుకుని మొత్తం విశ్వం గురించి అంత మాట ఎలా అనగలిగారు, అది అద్దం మీద దుమ్ము కాదని ఎలా తేల్చారు అన్నదే ఇందులో అసలు కథ.

పేలేవి తెల్ల మరుగుజ్జులు. పాఠ్యపుస్తకాల్లో శ్వేత కుబ్జాలు అంటారు. సూర్యుడి లాంటి నక్షత్రం ఇంధనం అయిపోయాక పై పొరలన్నీ వదిలేసుకుని, మధ్యలో కార్బన్, ఆక్సిజన్‌ల గట్టి ముద్దగా మిగిలిపోతుంది. సైజు చూస్తే భూమంత, బరువు చూస్తే సూర్యుడితో పోల్చేంత. దీనికి ఒక వింత గుణం ఉంది. మామూలు నక్షత్రం లోపల వేడి పెరిగితే అది ఉబ్బుతుంది, ఉబ్బితే చల్లబడుతుంది, కాబట్టి లోపలి మంట అదుపులో ఉంటుంది. తెల్ల మరుగుజ్జుని నిలబెట్టేది వేడి కాదు, ఇరుక్కుపోయి ఇంక దగ్గరికి రాలేని ఎలక్ట్రాన్ల ఒత్తిడి. అందుకని అందులో కార్బన్ అంటుకుంటే వేడి పెరుగుతుంది గానీ అది వెంటనే ఉబ్బదు, వేడి పెరిగేకొద్దీ మంట ఇంకా వేగం అందుకుంటుంది, విజిల్ మూసుకుపోయిన ప్రెషర్ కుక్కర్‌లాగా. కొద్ది సెకన్లలో మొత్తం నక్షత్రం చిన్నాభిన్నమైపోతుంది. దీన్నే టైప్ 1ఏ సూపర్‌నోవా అంటారు, ఒక్కటి పేలితే కొన్ని రోజులపాటు కోట్లాది నక్షత్రాలున్న గెలాక్సీతో పోటీపడేంత వెలుగు వస్తుంది.

ఇక్కడ చాలాచోట్ల ఒక కథ చెబుతారు. తెల్ల మరుగుజ్జు బరువు సూర్యుడికి 1.4 రెట్ల దగ్గరికి వస్తే ఇంక నిలబడలేదు, 1930లో పందొమ్మిదేళ్ల సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ మద్రాసులో చదువు ముగించి ఇంగ్లండ్‌కి ఓడలో వెళ్తూ మొదలుపెట్టిన లెక్క అది, పక్కనున్న నక్షత్రం నుంచి పదార్థం లాక్కుంటూ ఆ హద్దు చేరినవన్నీ ఒకే బరువు దగ్గర పేలతాయి, ఒకే బరువు కాబట్టి ఒకే వెలుగు, ఒకే వెలుగు కాబట్టి ఎంత మసకగా కనిపిస్తే అంత దూరం. వినడానికి బాగుంటుంది, కానీ ఇది సగమే నిజం. చంద్రశేఖర్ హద్దు నిజమే, తర్వాతి మెట్టు దగ్గరే తప్పు. ఇవన్నీ ఒకే వెలుగుతో పేలవు. అసలు అన్నీ 1.4 దగ్గరే పేలతాయన్న గ్యారంటీ కూడా లేదు, రెండు తెల్ల మరుగుజ్జులు కలిసిపోయి పేలడం, హద్దు చేరకముందే పేలడం కూడా జరుగుతుందని ఇవాళ చాలామంది నిపుణులు అనుకుంటున్నారు.

ఒకే వెలుగు అన్న నమ్మకానికి 1991లోనే గట్టి దెబ్బ తగిలింది. ఆ ఏడాది దగ్గరి గెలాక్సీల్లో రెండు సూపర్‌నోవాలు కనిపించాయి. 1991టి మామూలు వాటికంటే ఎక్కువ వెలిగింది. 1991బిజి అయితే నీలి కాంతిలో మామూలు వాటికంటే దాదాపు పది రెట్లు తక్కువ వెలిగింది. పది రెట్లు తేడా వచ్చేదాన్ని పట్టుకుని దూరం కొలుస్తామంటే ఎవరు ఒప్పుకుంటారు? 20 శాతం మసకని పట్టుకోవడం మాట అటుంచితే, మొత్తం ఆలోచనే మూలన పడాల్సిన పరిస్థితి.

దాన్ని కాపాడింది చిలీలో జరిగిన ఓపికైన పని. సెర్రో తొలోలో అబ్జర్వేటరీలో మార్క్ ఫిలిప్స్ అనే ఖగోళ శాస్త్రవేత్త 1993లో, బాగా కొలిచిన తొమ్మిది సూపర్‌నోవాలని తీసుకుని ఒక ప్రశ్న అడిగాడు: గరిష్ఠ వెలుగుకి చేరాక పదిహేను రోజుల్లో ఎంత తగ్గింది? జవాబు స్పష్టంగా వచ్చింది. ఎక్కువ వెలిగేవి నిదానంగా తగ్గుతాయి, తక్కువ వెలిగేవి త్వరగా చల్లారిపోతాయి. 1991టి నెమ్మదిగా దిగింది, 1991బిజి గబగబా పడిపోయింది. అంటే బల్బు మీద రాసిన వాట్ల అంకె చెరిగిపోయినా, అది ఆరిపోయే తీరు చూసి ఎన్ని వాట్ల బల్బో చెప్పేయొచ్చన్నమాట. పైగా దూరం తెలియకపోయినా ఫరవాలేదు, ఆరిపోయే వేగం దూరం మీద ఆధారపడదు (వ్యాకోచం వల్ల ఆ వేగం కూడా కాస్త సాగుతుంది, కానీ ఎంత సాగిందో కచ్చితంగా తెలుసు కాబట్టి దాన్ని తీసేయడం తేలిక).

దీనికి కారణం పేలుడులో తయారయ్యే నికెల్. సూపర్‌నోవా వెలుగు పేలుడు మంటది కాదు, ఆ మంట విస్తరిస్తూ తొందరగానే చల్లారిపోతుంది. వారాల తరబడి దాన్ని వెలిగించేది రేడియోధార్మిక నికెల్-56. అది ఆరు రోజుల అర్ధాయుష్షుతో కోబాల్ట్‌గా, ఆ కోబాల్ట్ 77 రోజుల అర్ధాయుష్షుతో ఇనుముగా మారుతూ వేడి ఇస్తూ పోతుంది. మామూలు టైప్ 1ఏలో సూర్యుడి బరువులో సగానికి కాస్త పైన నికెల్ తయారవుతుంది. ఎక్కువ తయారైతే వెలుగు ఎక్కువ, శకలాలు ఎక్కువ వేడిగా ఉంటాయి, వాటిలోంచి కాంతి బయటికి రావడానికి ఎక్కువ రోజులు పడుతుంది. అందుకే వెలుగూ నిదానమూ కలిసే ఉంటాయి. ఈ సవరణ చేశాక, ఒక్కో సూపర్‌నోవా వెలుగులో మిగిలే తేడా దాదాపు 15 శాతానికి దిగింది, అంటే దూరంలో 7 శాతం పొరపాటు. గెలాక్సీల దూరాల లెక్కల్లో ఇది చాలా మంచి కొలత. కలాన్–తొలోలో అనే సర్వేలో మారియో హాముయ్, హోసే మాజా, నికోలస్ సంట్జెఫ్, ఫిలిప్స్ కలిసి దగ్గరి సూపర్‌నోవాలని పోగుచేసి ఆ సంబంధాన్ని గట్టిపరిచారు. నోబెల్ కథనాల్లో వీళ్ల పేర్లు అంతగా వినపడవు, కానీ వాళ్ల జాబితా లేకపోతే 1998 ఫలితం లేదు. ఆ ఫలితాన్ని తెచ్చిన రెండు పోటీ బృందాలూ దగ్గరి సూపర్‌నోవాలుగా ఎక్కువగా వాడుకున్నది ఆ జాబితానే.

కొలబద్ద దొరికింది. ఇప్పుడు దూరంగా పేలుతున్నవి దొరకాలి, అదీ చల్లారిపోకముందే. ఒక గెలాక్సీలో ఇలాంటి పేలుడు కొన్ని వందల ఏళ్లకి ఒకటి. ఎప్పుడు, ఎక్కడ అన్నది ఎవరూ చెప్పలేరు. పెద్ద టెలిస్కోపుల మీద సమయం కావాలంటేనేమో నెలల ముందు అర్జీ పెట్టుకోవాలి, ఫలానా తేదీన ఒక నక్షత్రం పేలుతుందేమో అని రాస్తే ఎవరిస్తారు? 1980ల చివర్లో ఒక డేనిష్ బృందం రెండేళ్లు వెతికి, పనికొచ్చే దూరంలో టైప్ 1ఏ ఒకే ఒక్కటి పట్టుకుంది, అదీ గరిష్ఠ వెలుగు దాటిపోయాక.

బర్క్‌లీలో సాల్ పెర్ల్‌మటర్ బృందం, వాళ్లకి పోటీగా 1994లో బ్రయన్ ష్మిట్, సంట్జెఫ్ మొదలుపెట్టిన బృందం ఈ చిక్కుని అమావాస్యల లెక్కతో విప్పాయి. అమావాస్య దాటగానే చిలీలోని 4 మీటర్ల బ్లాంకో టెలిస్కోపుతో వేల గెలాక్సీలున్న ఆకాశపు ముక్కల్ని ఫోటోలు తీసిపెడతారు. మూడు వారాలు ఆగి, వచ్చే అమావాస్యకి కాస్త ముందు అవే ముక్కల్ని మళ్లీ తీస్తారు. కొత్త ఫోటోలోంచి పాత ఫోటోని కంప్యూటర్‌లో తీసేస్తే మారనిదంతా పోతుంది, కొత్తగా వెలిగిన చుక్కలు మిగులుతాయి. మూడు వారాలే ఎందుకంటే, టైప్ 1ఏ పేలినప్పటి నుంచి గరిష్ఠానికి చేరడానికి సుమారు అంతే పడుతుంది, కాబట్టి ఆ గడువులో కొత్తగా దొరికేవి దాదాపు అన్నీ ఇంకా పైకి ఎక్కుతూనో అప్పుడే శిఖరం మీదో ఉంటాయి. పైగా దొరికిన వెంటనే చీకటి రాత్రులు సిద్ధంగా ఉంటాయి. వేల గెలాక్సీలని ఒకేసారి చూస్తే ఎక్కడో ఒకచోట పేలి తీరుతుంది, అందుకని ఫలానా రాత్రికి మా దగ్గర కొత్త సూపర్‌నోవాలు ఉంటాయి అని ముందే చెప్పి హవాయిలోని 10 మీటర్ల కెక్ టెలిస్కోపు మీద సమయం అడగగలిగారు. సైన్సు సంగతి సరే, కమిటీలని ఒప్పించే విద్యగా చూసినా ఇది గొప్ప ఎత్తు.

కెక్ చేసే పని రెండు. ఆ చుక్క కాంతిని రంగులుగా విడదీసి అది టైప్ 1ఏ అవునా కాదా అని తేల్చడం, ఇంకా రెడ్‌షిఫ్ట్ కొలవడం. రెడ్‌షిఫ్ట్ అంటే కాంతి మన దగ్గరికి వచ్చేలోపు విశ్వం ఎంత సాగిందో చెప్పే అంకె. రెడ్‌షిఫ్ట్ 0.5 అయితే, ఆ కాంతి బయల్దేరాక విశ్వంలోని దూరాలన్నీ ఒకటిన్నర రెట్లు అయ్యాయని అర్థం. కాంతి అల కూడా అంతే సాగుతుంది, నీలంగా బయల్దేరింది ఎరుపుగా చేరుతుంది. అందుకే దగ్గరి సూపర్‌నోవాని నీలి ఫిల్టర్‌లో కొలిస్తే, దూరపుదాన్ని ఎర్ర ఫిల్టర్‌లో కొలవాలి, లేకపోతే రెండు వేర్వేరు రంగుల్ని పోల్చినట్టవుతుంది. ష్మిట్ బృందం దీనికోసం ప్రత్యేకంగా ఫిల్టర్లు కూడా చేయించుకుంది.

ఇప్పుడు అసలు తర్కం. ఇక్కడే చాలా వివరణలు తికమక పెడతాయి, కాబట్టి ఒక బస్సుని ఊహించుకుందాం. హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే బస్సు, ఊళ్లోకి వచ్చేసరికి స్పీడోమీటర్ 60 చూపిస్తోంది. సూర్యాపేట దాటాక చివరి 100 కిలోమీటర్లకి ఎంతసేపు పట్టింది? మొదట వేగంగా వచ్చి ఇప్పుడు నెమ్మదించి 60కి దిగి ఉంటే తక్కువసేపే పట్టి ఉంటుంది. మొదట నిదానంగా నడిచి ఇప్పుడు 60 అందుకుని ఉంటే ఎక్కువసేపు పట్టి ఉంటుంది. విశ్వానికీ అంతే. స్పీడోమీటర్ అంటే దగ్గరి గెలాక్సీలు చూపించే నేటి వ్యాకోచం. 100 కిలోమీటర్లు అంటే ఒకటిన్నర రెట్లు సాగడం. ఆ సాగడానికి ఎంత కాలం పట్టిందో సూపర్‌నోవా మసక చెబుతుంది, ఎందుకంటే ఎక్కువ కాలం పడితే కాంతి ఎక్కువ దూరం ప్రయాణించి ఉంటుంది, అంతే పలచబడి ఉంటుంది.

నేటి వ్యాకోచ రేటు మెగాపార్సెక్‌కి, అంటే ప్రతి 33 లక్షల కాంతి సంవత్సరాల దూరానికి, సెకనుకి 70 కిలోమీటర్లు అనుకుని రెడ్‌షిఫ్ట్ 0.5కి లెక్క వేస్తే తేడా కళ్లకి కడుతుంది. విశ్వం నిండా పదార్థమే ఉండి, దాని గురుత్వం గట్టిగా బ్రేకు వేస్తూ వచ్చి ఉంటే కాంతి ప్రయాణం సుమారు 425 కోట్ల ఏళ్లు. అసలు పదార్థమే లేని ఖాళీ విశ్వమైతే, బ్రేకూ లేదు యాక్సిలరేటరూ లేదు, 465 కోట్ల ఏళ్లు. వేగం పెరుగుతున్న విశ్వంలో, అంటే ఇవాళ అందరూ వాడే కొలతల్లో, దాదాపు 505 కోట్ల ఏళ్లు. దీన్ని వెలుగులోకి మారిస్తే, మూడో రకం విశ్వంలోని సూపర్‌నోవా మొదటిదానికంటే 30 శాతం, ఖాళీ విశ్వంలోదానికంటే 11 శాతం మసకగా కనిపించాలి. శీర్షికలోని 20 శాతం ఈ రెండింటి మధ్యది: నిజంగా ఉన్నంత పదార్థమే ఉండి, ఇంకేమీ లేని విశ్వంతో పోలిస్తే వచ్చే తేడా.

ఖాళీ విశ్వంతో పోలికే ఇందులో కీలకం. పదార్థం ఎంత తక్కువ ఉందనుకున్నా బ్రేకు సున్నాకి దిగుతుందే తప్ప అంతకంటే దిగదు. కాబట్టి సూపర్‌నోవాలు ఖాళీ విశ్వపు గీత కంటే కూడా మసకగా ఉన్నాయంటే, పదార్థం తక్కువ ఉందిలే అని సర్దిచెప్పుకోవడానికి ఉండదు. ఏదో నెడుతుండాలి. ఇంకో సంగతి కూడా చాలామంది గమనించరు: ఈ వాదనకి సూపర్‌నోవా అసలు వెలుగు ఎంతో తెలియనక్కర్లేదు, వ్యాకోచ రేటు 70 కాదు 75 అన్నా ఏమీ మారదు. దగ్గరివాటికీ దూరంవాటికీ నిష్పత్తి సరిగ్గా ఉంటే చాలు. వ్యాకోచ రేటు మీద ఇవాళ నడుస్తున్న గొడవ ఈ ఫలితాన్ని తాకదు.

ఒక్క సూపర్‌నోవాతో మాత్రం ఇది తేలదు. అంత దూరంలో ఒక్కోదాని కొలతలో 20 శాతం పొరపాటు ఉండొచ్చు, అంటే వెతుకుతున్న తేడా అంతే, పొరపాటూ అంతే. 16 ఉంటే సగటు పొరపాటు నాలుగో వంతుకి, అంటే 5 శాతానికి దిగుతుంది, అప్పుడు 20 శాతం తేడా స్పష్టంగా పైకి తేలుతుంది. తక్కువ సంఖ్యతో తొందరపడితే ఏమవుతుందో పెర్ల్‌మటర్ బృందానికే అనుభవం: 1997లో ఏడు సూపర్‌నోవాలతో వాళ్లు వేసిన మొదటి లెక్క పదార్థం ఎక్కువ ఉన్న, నెమ్మదిస్తున్న విశ్వం వైపే మొగ్గింది. పొరపాటు హద్దులు పెద్దవని వాళ్లూ రాశారు. సంఖ్య 42కి పెరిగేసరికి జవాబు తిరగబడింది.

అవతలి బృందంలో లెక్క చూసింది ఆడం రీస్, అప్పుడు బర్క్‌లీలో కుర్ర పరిశోధకుడు. 1997 చివర్లో అతను కొలతలన్నీ సమీకరణంలో వేసి విశ్వంలో పదార్థం ఎంత అని అడిగితే రుణసంఖ్య వచ్చింది. పదార్థం మైనస్‌లో ఉండదు కదా. అతను చేసిన మొదటి పని ప్రోగ్రామ్‌లో తప్పు వెతకడం. తప్పు దొరకలేదు. ఆస్ట్రేలియాలో ఉన్న ష్మిట్‌కి చెబితే అతనూ విడిగా లెక్క వేసి చూశాడు, అదే జవాబు. 1917లో ఐన్‌స్టీన్ తన సమీకరణాల్లో చేర్చి తర్వాత వదిలేసిన, గురుత్వానికి ఎదురు నెట్టే విశ్వ స్థిరాంకాన్ని మళ్లీ చేరిస్తే తప్ప అంకెలు కుదరలేదు. రీస్ ముందు పేరుగా వాళ్ల పత్రం 1998లో, 16 దూరపు సూపర్‌నోవాలతో, 34 దగ్గరివాటితో వచ్చింది. పెర్ల్‌మటర్ బృందం 42తో రాసింది 1999లో అచ్చయింది. రెండు బృందాలూ ఒకరినొకరు మించాలని చూసినవే, సాఫ్ట్‌వేర్ వేరు, సవరణ పద్ధతి వేరు. అయినా జవాబు ఒకటే కావడం వల్లే మిగతావాళ్లు దీన్ని సీరియస్‌గా తీసుకున్నారు.

సీరియస్‌గా తీసుకోవడం వేరు, నమ్మడం వేరు. మొదటి అనుమానం దుమ్ము మీదే. గెలాక్సీల్లో దుమ్ముకి కొరత లేదు, అది కాంతిని మింగితే దూరంతో పనిలేకుండానే మసక వస్తుంది. కానీ మామూలు దుమ్ము ఒక జాడ వదిలిపెడుతుంది. అది నీలాన్ని ఎక్కువ, ఎరుపుని తక్కువ మింగుతుంది, సాయంకాలం సూర్యుడు ఎర్రబడేది కూడా నీలం దారిలో చెదిరిపోవడం వల్లే. కాబట్టి ఒక్కో సూపర్‌నోవాని రెండు ఫిల్టర్లలో కొలిస్తే, ఎంత ఎర్రబడిందో చూసి ఎంత దుమ్ము అడ్డొచ్చిందో లెక్కకట్టొచ్చు. దూరపు సూపర్‌నోవాలు దగ్గరివాటికంటే ఎర్రగా లేవు. అప్పుడు కొందరు, గెలాక్సీల మధ్య ఉండే దుమ్ము రేణువులు పెద్దవై అన్ని రంగుల్నీ సమానంగా మింగుతాయేమో అన్నారు. దీన్ని బూడిదరంగు దుమ్ము అన్నారు. రంగు చూసి దీన్ని పట్టుకోలేం.

రెండో అనుమానం ఇంకా మొండిది: 500 కోట్ల ఏళ్ల క్రితం పేలిన నక్షత్రాలు ఇప్పటివాటిలాంటివే అని ఎలా చెప్పగలం? అప్పటి నక్షత్రాల్లో లోహాలు తక్కువ, వయసు తక్కువ, వాటి పేలుళ్లు కూడా కాస్త బలహీనంగా ఉండొచ్చు కదా. ఇంకో పక్క, దూరంలో మిక్కిలి వెలిగేవి మాత్రమే మన కంటపడతాయన్న పక్షపాతం కూడా ఉంది, కానీ అది ఈ ఫలితాన్ని పుట్టించలేదు, ఎందుకంటే అది దూరపువాటిని ఎక్కువ వెలుగుగా చూపిస్తుంది, మసకగా కాదు.

ఈ రెండు అనుమానాలనీ ఒక్క దెబ్బతో పరీక్షించే దారి ఉంది. దుమ్మైనా, నక్షత్రాల వయసైనా, ఇంకా వెనక్కి పోయేకొద్దీ వాటి ప్రభావం పెరుగుతూనే పోవాలి, అంటే మసక ఇంకా ఇంకా ఎక్కువ కావాలి. నెట్టే శక్తి నిజమైతే అలా కాదు. పాతకాలంలో విశ్వం చిన్నది, పదార్థం చిక్కగా ఉంది, గురుత్వానిదే పైచేయి. అప్పుడు వ్యాకోచం నెమ్మదిస్తూ ఉండాలి. పదార్థం పలచబడ్డాక మాత్రమే, సుమారు 500, 600 కోట్ల ఏళ్ల క్రితం, నెట్టుడు గెలిచి ఉండాలి. కాబట్టి ఆ మలుపు అవతల ఉన్న సూపర్‌నోవాలు ఖాళీ విశ్వపు లెక్కతో పోలిస్తే మళ్లీ వెలుగు అందుకోవాలి.

దానికి సాక్ష్యం ఒక పాత ఫోటోలో దొరికింది. 1997లో హబుల్ టెలిస్కోపు, తను లోగడ తీసిన లోతైన ఆకాశపు ముక్కనే మళ్లీ తీస్తే అందులో ఒక సూపర్‌నోవా కనిపించింది, 1997ఎఫ్‌ఎఫ్ అని పేరు పెట్టారు. దాన్ని కనుక్కున్నది రాన్ గిల్లిలాండ్, ఫిలిప్స్. అదృష్టం ఏమిటంటే, హబుల్‌లో కొత్తగా అమర్చిన ఇన్‌ఫ్రారెడ్ కెమెరాతో వేరే పనికోసం తీసిన ఫోటోల్లో కూడా అది పడింది. రీస్ బృందం ఆ ముక్కలన్నీ ఏరి 2001లో లెక్క తేల్చింది: రెడ్‌షిఫ్ట్ సుమారు 1.7, అంటే కాంతి బయల్దేరి వెయ్యి కోట్ల ఏళ్లు. దుమ్ము వాదన నిజమైతే ఉండాల్సినదానికంటే అది బాగా ఎక్కువ వెలుగుగా ఉంది. ఒక్కదాన్నే నమ్ముకోలేం కాబట్టి తర్వాత హబుల్‌తో రెడ్‌షిఫ్ట్ 1 దాటినవి మరికొన్ని వెతికారు, 2004లో వచ్చిన ఫలితాల్లో ముందు బ్రేకు, తర్వాత యాక్సిలరేటర్ అన్న ఆకారం బాగా కనిపించింది. దూరంతో పాటు పెరుగుతూనే పోయే దుమ్ముతో అలాంటి మలుపు రాదు. నిజం చెప్పాలంటే 1998 పత్రాలకంటే ఇదే బలమైన వాదన, కానీ పతాక శీర్షికలు అప్పటికే అయిపోయాయి.

అలాగని నక్షత్రాల తేడాల గొడవ పూర్తిగా తీరలేదు. 2010 నాటికి ఒక చిన్న మొండి తేడా బయటపడింది: సవరణలన్నీ చేశాక కూడా, బరువైన గెలాక్సీల్లో పేలినవి తేలిక గెలాక్సీల్లోవాటికంటే ఓ 5, 6 శాతం ఎక్కువ వెలుగుగా తేలుతున్నాయి. ఎందుకన్నది ఇంకా వాదనలోనే ఉంది, కొందరు దుమ్ము గుణం అంటారు, కొందరు నక్షత్రాల వయసు అంటారు. 20 శాతం తేడాని ఇది చెరిపేయలేదు. పైగా 2000 తర్వాత విశ్వపు తొలి కాంతి కొలతలూ, గెలాక్సీలు పరుచుకున్న తీరులో కనిపించే దూరపు గుర్తులూ సూపర్‌నోవాల సాయం లేకుండానే ఆ నెట్టే శక్తి, అంటే డార్క్ ఎనర్జీ, విశ్వంలో 70 శాతం దాకా ఉందని చెబుతున్నాయి.

కానీ ఇవాళ ప్రశ్న మారింది. వేగం పెరుగుతోందా అని అడిగేవాళ్లు తక్కువ, ఆ నెట్టుడు కాలంతో పాటు మారుతోందా అని అడుగుతున్నారు. 2024, 2025లో అరిజోనాలోని డెసి సర్వే తన గెలాక్సీల కొలతలని సూపర్‌నోవాలతో కలిపి, డార్క్ ఎనర్జీ ఇటీవలి కాలంలో బలహీనపడుతోందేమో అన్న సూచన ఇచ్చింది. ఆ సూచన ఎంత గట్టిది అన్నది ఏ సూపర్‌నోవా జాబితా వాడారన్నదాన్ని బట్టి మారుతోంది. గట్టిగా చూపించినది డార్క్ ఎనర్జీ సర్వే జాబితా. అందులో ఒకే కెమెరాతో పట్టుకున్న 1,635 దూరపు సూపర్‌నోవాలున్నాయి, దగ్గరివి మాత్రం పాతకాలపు రకరకాల టెలిస్కోపుల నుంచి తెచ్చినవి. ఈ జాబితానీ, ఇంకో పెద్ద జాబితానీ పక్కపక్కన పెడితే, రెండింటిలోనూ ఉన్న దగ్గరి, దూరపు సూపర్‌నోవాల మధ్య సుమారు 4 శాతం తేడా ఉందని జార్జ్ ఎఫ్‌స్టాథియూ అనే ఖగోళ శాస్త్రవేత్త ఎత్తిచూపాడు. అందులో చాలా భాగానికి తమ పద్ధతిలో చేసిన మెరుగులే కారణమని డార్క్ ఎనర్జీ సర్వే వాళ్లు జవాబిచ్చారు. 1998లో 20 శాతం మీద నడిచిన వాదన ఇప్పుడు 4 శాతం మీదికి వచ్చింది, అది తేలాలంటే కావాల్సింది ఇంకా దూరపు పేలుళ్లు కాదు, ఒకే టెలిస్కోపుతో, ఒకే ఫిల్టర్లతో సరిగ్గా కొలిచిన దగ్గరివే.